ఎండు రొయ్యల పోస్టులో మలుపు

వ్యాపారస్తుల కథలు వాళ్ళ తరఫున రాసిపెట్టడం నా పని. పత్రికలో వార్తలు దిద్దే ఉద్యోగం పోయాక, బాపట్లలో ఒక చిన్న ప్రచారాల ఆఫీసు నన్ను పనిలో పెట్టుకుంది. నేనుండేది తెనాలి. అప్పుడప్పుడూ రైలెక్కి ఆఫీసుకి వెళ్ళొస్తాను, మిగతాదంతా ఫోన్లోనే. మిక్సీలు బాగుచేసేవాడు, బ్లౌజులు కుట్టే ఆవిడ, పప్పుల మిల్లు ఆయన, ఎవరైనా సరే, వాళ్ళ వ్యాపారంలో జరిగిన ఒక సంగతిని కథలాగా చెప్పి, జనం ఫోన్లో చదివే పోస్టుగా మార్చాలి. చదివినవాళ్ళకి నమ్మకం కుదిరి కింద ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యాలి. వినడానికి తేలికగానే ఉంటుంది. రాస్తే తెలుస్తుంది, ఎన్ని చెరువుల నీళ్ళు తాగిస్తుందో.

ఆఫీసు గోడకి ఒక తెల్లబోర్డు ఉంది. దానిమీద మా యజమాని నాలుగు గళ్ళు గీసి పెట్టాడు. సమస్య, పెనుగులాట, మలుపు, పాఠం. ఆ గళ్ళతో నాకేం పేచీ లేదు. నిజానికి మంచి గళ్ళే. సమస్య చదివేవాడికి కూడా ఎదురయ్యేదై ఉండాలి. పెనుగులాట అంటే ఆ సమస్యని వదిలించుకోవడానికి ఏమేం చేసి చూశారు, అవి ఎందుకు కుదరలేదు అన్నది. మలుపు దగ్గర ఏదో ఒకటి మారాలి, ఆ మార్పు కంటికి కనపడాలి. పాఠం చదివినవాడు రేపు పొద్దున్నే తన కొట్లోనో వంటింట్లోనో చేసుకోగలిగేదిగా ఉండాలి. ధైర్యంగా ఉండండి, కష్టపడితే ఫలితం ఉంటుంది లాంటివి పాఠాలు కావు, ఊకదంపుడు. ఇదంతా మా యజమానికి తెలియదని కాదు. తెలుసు. కానీ ఆయనకి రెండో గడి మీద మోజెక్కువ. అది ఎంత పొడుగుంటే అంత మంచిదని ఆయన నమ్మకం. "జనం ఏడవాలి మేడమ్, ఏడిస్తేనే పదిమందికి పంపుతారు" అంటాడు.

ఆ వేసవి మొదట్లో నాకు రేపల్లె మనిషిని అప్పగించారు. ఎండు రొయ్యలు అమ్మే ఆవిడ. నలభై దాటాయేమో. భర్త ఆటో తోలతాడు. ఊరి చివర ఒక షెడ్డు, దాని ముందున్న ఖాళీ స్థలం అద్దెకి తీసుకుని, పడవలవాళ్ళ దగ్గర చిన్న రొయ్యలు కొని ఎండబెట్టి, ప్యాకెట్లు కట్టి తెనాలి, బాపట్ల కొట్లకి వేసేది. అంతకు ముందు ఏడాది ఆవిడ సరుకులో ఇసుక వచ్చింది. కూరలో కరకరమంటోందని జనం ప్యాకెట్లు వెనక్కి తెచ్చి కొట్టువాళ్ళ మొహాన కొట్టారు. తెనాలి మార్కెట్లో ఆవిడ దగ్గర ఎక్కువ సరుకు తీసుకునే పెద్ద కొట్టాయన ఒక్కసారిగా మానేశాడు. ఆయన్ని చూసి తెనాలిలో మిగతావాళ్ళూ మానేశారు. బాపట్లలో ఒక్క కొట్టు మాత్రం మిగిలింది. ఇప్పుడు సరుకు శుభ్రంగా వస్తోంది, కానీ ఆ మాట నమ్మేవాళ్ళు లేరు.

"షెడ్డు ఓనరు ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడక్కా. తెనాలి కొట్లు మళ్ళీ తీసుకుంటేనే నాకు ఉంచుతాడంట. లేకపోతే ఐసు పెట్టెలు పెట్టుకునేవాళ్ళు ఎవరో అడుగుతున్నారంట" అంది మొదటిసారి ఫోన్లో. అదీ సంగతి. తెనాలి కొట్టువాళ్ళంతా ఉండే వ్యాపారస్తుల గ్రూపులో పోస్టు పడాలి, పెద్ద కొట్టాయన చదవాలి, షెడ్డు నిలబడాలి.

సమస్య చక్కగా చెప్పింది. పెనుగులాట ఇంకా చక్కగా చెప్పింది. ముందు జల్లెడ పట్టిందట. రొయ్య తలలో ఇరుక్కున్న ఇసుక జల్లెడకి రాలలేదు. ఎండిన రొయ్యల్ని నీళ్ళలో కడిగి మళ్ళీ ఎండబెట్టిందట. వాసనొచ్చి, బూజు పట్టి ఆ సరుకంతా పారబోసింది. రొయ్యలు ఎండబోసే నేల మీది పరదా మార్చింది, పరదా చుట్టూ ఇటుకలు పేర్చింది. రేపల్లె గాలి ఇటుకల్ని లెక్కచెయ్యలేదు. నేను గబగబా రాసుకుంటున్నాను. ఇంత శుభ్రంగా చెప్పే మనుషులు నాకు దొరకరు. లోపల్లోపల సంబరపడిపోతున్నాను.

"తర్వాత ఏమైందమ్మా? ఇసుక ఎలా పోయింది?"

"దేవుడు చేశాడక్కా."

"సరే, దేవుడు చేశాడు. నువ్వేం చేశావు?"

"నేనేం చేస్తానక్కా? ప్రార్థన చేశాను. ఆయనే దారి చూపించాడు."

"ఏ దారి?"

"ఆయన దారి" అంది, నాకే తెలియనట్టు.

ఫోను పెట్టేసి తల పట్టుకున్నాను. దేవుడితో నాకేం గొడవ లేదు. మా ఇంట్లోనూ పటాలున్నాయి, పొద్దున్నే దీపం పెడతాను. కానీ మలుపు దగ్గర దేవుణ్ణి నిలబెడితే పాఠం గడిలో ఏం రాయను? చదివే కొట్టువాడు ఏం చేసుకోవాలి దాంతో? అతనికి కావాల్సింది రేపు వచ్చే ప్యాకెట్లో ఇసుక ఉండదన్న భరోసా. ప్రార్థన వల్ల ఇసుక పోయిందంటే, ప్రార్థన మానిన రోజు మళ్ళీ వస్తుందేమో అనుకుంటాడు. మళ్ళీ ఫోన్ చేశాను, అదే జవాబు. అటు తిప్పి ఇటు తిప్పి అడిగాను, అదే జవాబు. చిర్రెత్తుకొచ్చింది. ఇలా కాదని ఆదివారం పొద్దున్నే రేపల్లె ప్యాసింజరెక్కాను. వేమూరు దాటేదాకా నిలబడే ఉన్నాను, ఆ చిరాకొకటి.

వాళ్ళది లూథరన్ చర్చి. నేను వెళ్ళేసరికి ఆరాధన నడుస్తోంది. ఆవిడ నన్ను కూడా లోపలికి లాక్కెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చోబెట్టింది. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. తమ జీవితంలో జరిగిన మేలుని నలుగురి ముందూ లేచి చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటారు. ఒకావిడ కూతురి జ్వరం గురించి చెప్పింది. ఒక ముసలాయన తప్పిపోయిన గేదె గురించి చెప్పాడు. వింటూ వింటూ నేను నిటారుగా కూర్చున్నాను. ఓరి నాయనో, మా బోర్డు మీద గళ్ళే! సమస్య, దాని వెనకే పెనుగులాట, దాని వెనకే మలుపు, అన్నీ వరసలో వస్తున్నాయి. ఒక్క తేడా ఉంది. మలుపు దగ్గరికి రాగానే ప్రతివాళ్ళూ పక్కకి తప్పుకుని దేవుణ్ణి ముందుకి తోస్తున్నారు. గేదెని వెతుక్కుంటూ ఆ ముసలాయన భట్టిప్రోలు దాకా నడిచాడు. ఆ నడక సంగతి ఒక్క ముక్కలో దాటేశాడు.

బయటికొచ్చాక, వేపచెట్టు నీడలో ఆవిణ్ణి పట్టుకున్నాను. "మీ సాక్ష్యాల్లో ఎవ్వరూ నేను చేశాను అనరేంటమ్మా?"

"అనకూడదక్కా" అంది, నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసి. "నేను చేశాను అంటే గర్వం కదా. చేసింది ఆయన. మనం చెప్పుకునేది ఆయన సంగతి. చిన్నప్పట్నుంచి అంతే."

అప్పుడర్థమైంది నాకు. ఈవిడ నాతో అబద్ధం చెప్పడం లేదు, దాచడం లేదు. కథ చెప్పడం ఈవిడకి చర్చిలో వచ్చింది. అక్కడ మలుపు దగ్గర నేను అన్న మాట ఉండకూడదు. నా పోస్టుకేమో ఆ మాట లేకపోతే ప్రాణం లేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? నీ భక్తి పక్కన పెట్టమనడానికి నేనెవర్ని?

వేరేలా అడిగాను. "దేవుడు దారి చూపించాడన్నావు కదా. ఎక్కడ చూపించాడు? నీ కంటికి ఏం కనపడింది?"

అంతే, గట్టు తెగినట్టయింది. పక్కింటి వాళ్ళు వలని కంచె మీద ఆరేశారట. అందులో నాలుగు చిన్న రొయ్యలు చిక్కుకుని అక్కడే ఎండిపోయాయి. ఈవిడ వాటిని తుంచి చూసింది. పుటుక్కున విరిగాయి. నోట్లో వేసుకుంది. ఇసుక లేదు. నేలకి ఎత్తుగా ఉన్నాయి, కిందినుంచి కూడా గాలి తగిలింది. "ఆయనే చూపించాడక్కా, లేకపోతే ఆ కంచె వైపు నేనెందుకు చూస్తాను?"

"చూపించాక?"

"చూపించాక ఏముంది, కర్రలు పాతాను, నడుమెత్తున. వాటి మీద వల పరిచి బిగించాను. రొయ్యల్ని ముందే ఉప్పునీళ్ళలో బాగా కడిగి, అప్పుడు పల్చగా పరిచాను. ఎండాక ఓ గుప్పెడు తీసి గిన్నెడు నీళ్ళలో వేసి నలిపాను. అడుగున ఏం లేదక్కా. ఒక్క రేణువు లేదు. ఇప్పటికీ ప్యాకెట్లు కట్టేముందు గిన్నెలో వేసి చూడందే కట్టను."

ఇదిగో మలుపు! ఇదిగో పాఠం! ఎవరు అమ్మిన రొయ్యలైనా ఒక గుప్పెడు నీళ్ళలో నలిపి గిన్నె అడుగు చూడండి. కొట్టువాడు చూసుకోవచ్చు, కొనేవాళ్ళు చూసుకోవచ్చు. ఆవిణ్ణి అక్కడే కావలించుకోవాలనిపించింది. తిరుగు రైల్లో కూర్చోడానికి చోటు దొరికింది. ఒళ్ళో కాగితం పెట్టుకుని సగం అక్కడే రాసేశాను. ఇసుకతో మొదలుపెట్టాను, ఎందుకంటే ఫోన్లో మొదటి రెండు లైన్లే కనపడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. జల్లెడ, బూజు, ఇటుకలు వరసగా వచ్చాయి. మలుపు దగ్గర "దేవుడు ఆ వల చూపించాడు. నేను కర్రలు పాతాను" అని రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాను. ఆయనకి ఆయనది, ఆవిడకి ఆవిడది. రాసిన వాక్యం చూసుకుని నాకు నేనే మురిసిపోయాను.

తెనాలి దాటి అంగలకుదురులో దిగి, చెల్లెలింట్లో అన్నం తిని, ఫోన్ తెరిచాను. పోస్టు అప్పటికే గ్రూపులో పడి ఉంది.

నేను రాసింది కాదు. మా యజమాని రాసింది. ఆదివారమైతే ఎక్కువమంది చూస్తారని, ఆవిడ ఫోన్లో చెప్పినవి రాసి నేను మొదట ఆఫీసుకి పంపిన ముచ్చట్లు తీసుకుని ఆయనే అల్లేశాడు. సమస్య ఉంది, ఇసుకతో సహా. పెనుగులాటలో జల్లెడ లేదు, బూజు లేదు. భర్త కాలు బెణికి కొన్నాళ్ళు ఆటో తీయలేదని ఆవిడ ఎప్పుడో మాటవరసకి అన్నది కాస్తా, పొయ్యి వెలగని రోజులైంది. పస్తులున్న రాత్రులైంది. పిల్లల ముందు కన్నీళ్ళు దాచుకున్న తల్లి అయింది. మలుపు దగ్గర "దేవుణ్ణి నమ్మాను." పాఠం దగ్గర "ఓడిపోవద్దు."

ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేస్తే, "చూశారా మేడమ్, పోస్టు కింద ఎన్ని దండాలు పడుతున్నాయో! అందరూ ఏడుస్తున్నారు" అన్నాడు హుషారుగా.

"ఏడవడానికా బాబూ ఆవిడ పోస్టు పెట్టించుకుంది? ఇసుక ఎలా పోయిందో ఎక్కడుంది ఇందులో? సమస్య చెప్పి ఊరుకున్నారు. ఇసుక సంగతి తెలియనివాళ్ళకి కూడా మీరే చాటింపు వేశారు!"

"ఫీలింగ్ ముఖ్యం మేడమ్."

"మీ ఫీలింగు గంగలో కలవ. ఆ ఇంట్లో పస్తులెవరున్నారు? ఆవిడ చెప్పిందా మీకు?"

"కొంచెం పెంచాలి కదండి. అందరూ పెంచుతారు."

మర్నాడు జరగాల్సింది జరిగింది. గ్రూపు దాటి పోస్టు ఊళ్ళన్నీ తిరిగింది. బాపట్లలో మిగిలిన ఆ ఒక్క కొట్టాయన, ఇసుక సంగతి నాకు తెలియదమ్మా, ఇకనుంచి వద్దులే అన్నాడు. పోస్టు కింద వందలమంది చేతులు జోడించారు. రొయ్యలు కావాలని ఒక్కరూ అడగలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "మా పిల్లలు బళ్ళో ఏడ్చారక్కా. మీ ఇంట్లో తిండి లేదంటగా అని అడిగారంట" అంది. తిట్టినా బాగుండేది.

బాపట్ల వెళ్ళి ఆ యజమానితో గొంతు చించుకుని పోట్లాడాను. బోర్డు దగ్గర నిలబడి రెండో గడి మీద వేలు పెట్టి చెప్పాను, ఇది మనిషి బతుకులో కన్నీళ్ళు పోసే కుండ కాదు, సమస్యతో చేసిన కుస్తీ, దీన్ని ఇంటి దరిద్రంతో నింపితే మలుపుకి దారుండదు, పస్తులకి మందు వల పరిచిన కర్రలు కాదు కదా అని. ఆయన టీ తెప్పించాడు. నేను తాగలేదు. చివరికి విసుగొచ్చి, "సరే, మీదే పెట్టుకోండి మేడమ్" అన్నాడు. పాతది తీయించి, రైల్లో రాసింది పెట్టించాను. పెట్టేముందు ఆవిడకి ఫోన్లో చదివి వినిపించాను. "నేను కర్రలు పాతాను" దగ్గర ఆగింది.

"అక్కా, అది తీసేస్తే?"

"తీసేస్తే కర్రలు ఎవరు పాతారమ్మా?"

వెనకాల ఎవరో కుక్కర్ దించుతున్న చప్పుడు. "ఉంచండి" అంది. "ముందు ఆయన పేరుంది కదా. తర్వాత నాది ఉన్నా పర్లేదులే."

ఈ పోస్టుకి దండాలు పెద్దగా రాలేదు. మా యజమాని చూశారా అన్నట్టు మెసేజ్ పెట్టాడు. కానీ రెండు రోజులకి తెనాలి మార్కెట్లో పెద్ద కొట్టాయన నాకే ఫోన్ చేశాడు. ఆ గిన్నె సంగతి నిజమేనా అని అడిగాడు. నిజమో కాదో మీరే చూసుకోండి అన్నాను. తను అమ్ముతున్న వేరేవాళ్ళ సరుకుని గిన్నెలో వేసి చూశాడట, అడుగున బురద కనపడిందట. "ఆ అమ్మాయిని ఓసారి తీసుకురండి" అన్నాడు.

ఆవిడ ఒక సంచి నిండా ప్యాకెట్లతో వచ్చింది. కొట్టాయన తనే ఒకటి ఏరి, చింపి, నీళ్ళ గిన్నెలో వేసి నలిపాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా మెడలు చాచి చూశారు. ఆయన గిన్నెని వెలుతురు వైపు వంచాడు. స్టీలు తళతళలాడింది, ఇసుక లేదు.

"ఎలా చేశావమ్మా?" అన్నాడు.

నాకు దేవుడంటుందని భయం. ఆవిడ పైట సర్దుకుని, "నడుమెత్తున కర్రలు పాతాను బాబాయ్ గారూ, వల మీద ఎండబెడుతున్నాను" అంది. ఆయన తల ఊపి, పాత రోజుల్లో తీసుకున్నంత సరుకూ మళ్ళీ కావాలన్నాడు. ఎంత ఇవ్వగలవో సాయంత్రానికి ఫోన్ చేసి ఖాయం చెయ్యమన్నాడు. బయటికి రాగానే నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. నెలాఖరుకి ఇంకా గడువుంది. షెడ్డు నిలబడ్డట్టే అనుకున్నాను. వద్దంటున్నా వినకుండా ఆవిడతో పాటు నేనూ రేపల్లె రైలెక్కాను, ఓనరు మొహం చూడాలని.

షెడ్డు ముందు కర్రలన్నీ పీకేసి ఉన్నాయి. వలలు చుట్టి గోడ వారగా పడేశారు. లోపల ఐసు పెట్టెలు దించుతున్నారు. ఓనరు మంచివాడిలాగే ఉన్నాడు, పెద్దాయన, వాళ్ళ వీధి మనిషే. ఇద్దర్నీ కూర్చోమన్నాడు.

"నెలాఖరు దాకా అన్నారు కదండి" అంది ఆవిడ.

"అన్నానమ్మా. మాట తప్పాలని కాదు. నువ్వు పెట్టించిన పోస్టు మా అబ్బాయి చదివి వినిపించాడు. పిల్లలకి పస్తులంట, పొయ్యి వెలగట్లేదంట. అది విన్నాక ఇంకా నీ నెత్తిన ఈ అద్దె పెట్టడం పాపం అనిపించింది. ఇంత కష్టంలో ఉన్నావని నాకు చెప్పలేదేంటమ్మా? నిన్న వాళ్ళొచ్చి అడిగితే ఇచ్చేశాను. పొద్దున నీకు చెబుదామని వస్తే తెనాలి వెళ్ళావన్నారు. నీకు భారం దిగుతుందనే."

అది అబద్ధం అండీ, వాళ్ళింట్లో ఎప్పుడూ పొయ్యి ఆరలేదు, అది రాసినవాడు బాపట్లలో టీ తాగుతూ కూర్చున్నాడు అని అరవాలనిపించింది. అరిచాను కూడా, సగం సగం. పెద్దాయన నొచ్చుకున్నాడు. అయ్యో, అలాగా అన్నాడు. కానీ మాటిచ్చేశాను కదమ్మా అన్నాడు. ఐసు పెట్టెలవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ సామాను మోస్తూనే ఉన్నారు. మా యజమాని మీద, ఆ రెండో గడి మీద, జోడించిన ఆ వందల చేతుల మీద నాకు వచ్చిన కోపం ఎంతో చెప్పలేను. ఆ చేతుల్లో ఒక్కటైనా వచ్చి ఒక కర్ర పట్టుకుంటుందా?

ఆవిడ ఏడవలేదు. కర్రల్ని, వలల్ని భర్త ఆటోలో వేయించింది, రెండు విడతలుగా ఇంటికి చేర్పించింది. వాళ్ళది చిన్న డాబా. పైకెక్కి అడుగులేసి కొలిచింది. కర్రల్లో సగమే పడతాయి అక్కడ. అక్కడే నిలబడి తెనాలి కొట్టాయనకి ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, మీరడిగినంత ఇప్పుడు ఇవ్వలేనండి. సగమే ఇస్తాను. సగానికైతే మాటిస్తాను" అంది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆవిడ మాత్రం "అలాగేనండి, మీ ఇష్టం అండి, మిగతాది ఆ వేరేవాళ్ళ దగ్గరే తీసుకోండి" అని పెట్టేసింది.

ఫోను జాకెట్లో దోపుకుని నా వైపు తిరిగింది. "అక్కా, ఇప్పుడు జరిగింది పోస్టులో ఎక్కడ పెడతారు? సమస్యలోనా, పెనుగులాటలోనా?"

ఎకసక్కెం కాదు. నిజంగానే అడిగింది. ఇన్ని రోజులూ నా గళ్ళ గొడవ విని విని, ఇదీ ఏదో ఒక గడిలో పడుతుందనే అనుకుంది. ఎక్కడా పెట్టనమ్మా అన్నాను. ఆవిడ సరేనంది, కిందికి దిగి మెట్ల దగ్గర ఒక కర్ర భుజానికెత్తుకుని, "రెండో కొస పట్టుకోండక్కా, పొద్దుపోయేలోగా నాలుగైనా పైకెక్కిద్దాం" అంది.